తొమ్మిదవ రోజు ఏ గడిలో ఉంది?

సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చిన మా మేనకోడలు వైద్యవిద్య ముగించి పీజీ ప్రవేశపరీక్షకు సిద్ధమవుతున్నది. వరండాలో కూర్చుని చదువుకుంటూ, "మామయ్యా, ఇమ్యునాలజీలో ఈ నాలుగూ జతపరచటం వస్తే చాలు, ఒక మార్కు ఖాయం" అన్నది. ఏ నాలుగూ అని పుస్తకం అందుకున్నాను. ఎడమవైపు వరుసలో నాలుగు ఉదాహరణలు, కుడివైపు వరుసలో నాలుగు విధానాలు, కింద నాలుగు ఐచ్ఛికాలు. మేము చదువుకున్న నాటి ప్రశ్న అచ్చంగా అదే. నాలుగు దశాబ్దాలలో కాగితం నాణ్యత మాత్రం పెరిగింది!

ఆ ప్రశ్నను ఇక్కడ తెలుగు చేసి పెడుతున్నాను. ఎడమవైపు: (అ) రొయ్యలు తిన్న పది నిమిషాలకు దద్దుర్లు, (ఆ) సరిపడని గ్రూపు రక్తం ఎక్కించినప్పుడు ఎర్రకణాలు పగిలిపోవటం, (ఇ) సీరం సిక్‌నెస్, (ఈ) క్షయకు చేసే మాంటూ పరీక్ష. కుడివైపు: (క) టీ-కణాల వలన ఆలస్యంగా వచ్చే వాపు, (ఖ) మాస్ట్ కణాల మీద కూర్చున్న ఐజీఈ, (గ) కణం పైనున్న పదార్థానికి నేరుగా అంటుకునే యాంటీబాడీ, (ఘ) యాంటిజెన్-యాంటీబాడీ జంటలు ముద్దలుగా రక్తనాళాల గోడలలో పేరుకోవటం. ఐచ్ఛికాలు ఇవి:

1) అ-ఖ, ఆ-ఘ, ఇ-గ, ఈ-క
2) అ-ఖ, ఆ-గ, ఇ-ఘ, ఈ-క
3) అ-గ, ఆ-ఖ, ఇ-ఘ, ఈ-క
4) అ-ఖ, ఆ-గ, ఇ-క, ఈ-ఘ

సరైన జవాబు రెండవది. మా అమ్మాయి పది సెకన్లలో చెప్పింది. ఎలా చెప్పావమ్మా అని అడిగాను. "రక్తం గ్రూపుది ఎర్రకణం మీదికే పోతుంది గదా, అందుకని ఒకటీ మూడూ కొట్టేశాను. మాంటూ అంటే టీ-కణాలు, అందుకని నాలుగూ పోయింది. మిగిలింది రెండే" అన్నది. తర్కం నిర్దుష్టంగా ఉంది. కాని పాఠకులు గమనించారా? సీరం సిక్‌నెస్ అనే మాటను ఆమె తాకనైనా తాకలేదు. దానిని గురించి ఒక్క ముక్క తెలియకుండానే, దానిని గురించి తెలుసునని ధ్రువపరిచే మార్కు చేతికి వచ్చింది. నాలుగు వస్తువులను నాలుగింటితో జతపరచటానికి ఇరవై నాలుగు మార్గాలుంటే, ప్రశ్నకర్త నాలుగే చూపిస్తాడు. అందువల్ల రెండు తెలిసినవాడికి నాలుగూ తెలిసినట్టే లెక్క.

ఇందులో కొంపలు మునిగిపోయేదేమున్నది, పరీక్షలన్నీ ఇంతే గదా అని మీరు అనవచ్చు. మునుగుతాయని నా వాదన. మా నెల్లూరు తీరంలో ఒక మనిషి విషయంలో దాదాపు మునిగింది కూడా.

కొన్నేళ్ళ కిందటి కార్తీకమాసం. పెన్నా డెల్టాలో నాట్లు ముమ్మరంగా సాగుతున్న రోజులు. ఇందుకూరుపేట వైపు నుంచి నలభై యేళ్ళ వ్యవసాయ కూలీ ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. వచ్చాడనటం కన్నా ఇద్దరు పట్టుకుని తెచ్చారనటం సబబు. మోకాళ్ళు, మణికట్లు వాచి అడుగు తీసి అడుగు వేయలేకుండా ఉన్నాడు. నూట రెండు డిగ్రీల జ్వరం. వీపు నిండా, తొడల మీద దద్దుర్లు. మెడలోనూ చంకలలోనూ గ్రంథులు ఉబ్బి ఉన్నాయి. రెండు రోజుల నుంచి ఇదే తంతు. మొదట చూసినవారు విషజ్వరమన్నారు, తర్వాత చూసినవారు చికున్‌గున్యా కావచ్చునన్నారు. ఒంటి నొప్పులకు మాత్రలు, ఒక యాంటీబయాటిక్, సెలైను అన్నీ అయినాయి.

నేను వేసిన ప్రశ్న ఒక్కటే. పది పదిహేను రోజులలో మరేదైనా జబ్బుకు ఇంజెక్షన్లు పడ్డాయా? భార్య చెప్పింది. తొమ్మిది రోజుల కిందట సందెవేళ గెనిమ మీద నడుస్తుంటే రక్తపింజరి కరిచింది. ఒక ఆసుపత్రిలో మందు ఎక్కించారు, మూడో నాడు ఇంటికి పంపించారు. పాము సంగతి ఆనాటితోనే తీరిపోయిందనుకుని, ఈ జ్వరం వచ్చినప్పుడు ఎవరికీ చెప్పలేదట. అడిగినవారూ లేరట.

ఆ రోజు ఏమి జరిగిందో వారి వద్ద ఉన్న కాగితాలను బట్టి తెలుసుకున్నాను. అది వరుసగా చెబితేనే నా అభియోగం అర్థమవుతుంది.

రక్తపింజరి విషం రక్తంలోని గడ్డకట్టే ద్రవ్యాలను ఖర్చు చేసేస్తుంది. కనుక ముందుగా రెండు మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, ఒంచి చూస్తారు. గాజుదే కావాలి, ప్లాస్టిక్ గొట్టంలోనూ, సబ్బుతో కడిగిన గొట్టంలోనూ మంచి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. ఆయన రక్తం నీళ్ళలా జారింది. అంటే విరుగుడు ఇవ్వవలసిందే. ఇంతవరకు పని నిర్దుష్టంగా జరిగింది. ఆ తర్వాత, విరుగుడును పలచన చేసి, ఒక చుక్క చర్మంలోకి ఎక్కించి, అరగంట వేచి చూశారు. బొబ్బ రాలేదు. "పడింది" అని కాగితం మీద రాసి, పది వయల్స్ సెలైనులో కలిపి ఎక్కించటం మొదలుపెట్టారు. పావుగంటలో ఒళ్ళంతా దద్దుర్లు, వాంతి, రక్తపోటు పతనం. ఆపి, అడ్రినలిన్ ఇచ్చి నిలబెట్టారు. మళ్ళీ నెమ్మదిగా ఎక్కించి పూర్తిచేశారు. ప్రాణం నిలిపిన ఆ వైద్యుని పట్ల నాకు గౌరవమే. కాని పరీక్షలో పడిన మందు ఎక్కిస్తే ఎందుకు పడలేదు? విషం ఒంట్లో తిరుగుతుండగా ఆ అరగంట దేనికోసం పోగొట్టారు?

దీనికి జవాబు ఆ జతపరిచే పట్టికలో ఉన్నది. పట్టిక ప్రకారం ఇంజెక్షను ఇచ్చిన నిమిషాలలో ఒళ్ళు దద్దుర్లెక్కితే అది మొదటి రకం, మొదటి రకమంటే ఐజీఈ, ఐజీఈ ఉంటే చర్మపరీక్షలో బొబ్బ రావాలి. గొలుసు అందంగా ఉంది, కాని మొదటి కొక్కెమే ఊడిపోయింది. ఐజీఈ ఊరికే పుట్టదు. ఆ పదార్థం ఇంతకుముందు ఒకసారి ఒంట్లోకి వచ్చి, దానికి ప్రత్యేకమైన ఐజీఈ తయారై, మాస్ట్ కణాల మీద కూర్చుని ఉండాలి. రెండవ రాకలో ఆ కణాలు పగిలి హిస్టమిన్ కక్కుతాయి. ఈ మనిషి జన్మలో ఎన్నడూ గుర్రపు సీరం ఎరుగడు. విరుగుడుకు తొలిసారే వచ్చే ఈ తక్షణ ప్రతిచర్యలలో చాలావాటికి ఐజీఈతో పనిలేదు. గుర్రపు ప్రోటీను అంత మోతాదులో నేరుగా రక్తంలోకి దిగినప్పుడు కాంప్లిమెంటు అనే రక్తంలోని రక్షణ ప్రోటీన్ల వ్యవస్థ తనంతట తానే రేగటం అందుకు ఒక కారణమని భావిస్తారు. చూడటానికి కవలలు, పుట్టింది మాత్రం వేర్వేరు తల్లులకు. అడ్రినలిన్ రెండింటికీ పనిచేస్తుంది. చర్మపరీక్ష ఒకదానినే పట్టగలదు. 1986లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మలాసిత్, వారెల్ ప్రభృతులు ఈ చర్మపరీక్షలు రాబోయే ప్రతిచర్యను ముందుగా చెప్పలేవని చూపించారు. మన దేశపు పాముకాటు చికిత్సా నియమాలు కూడా టెస్ట్ డోసు వద్దనే అంటాయి. 2011లో శ్రీలంకలో వెయ్యి మందికి పైగా రోగుల మీద జరిగిన పరిశోధనలో, ముందుగా పావు మిల్లీలీటరు అడ్రినలిన్‌ను చర్మం కింద ఇస్తే తీవ్రమైన ప్రతిచర్యలు గణనీయంగా తగ్గుతాయని తేలింది. అంటే చేయవలసింది పరీక్ష కాదు, సిరంజిలో అడ్రినలిన్ నింపి మంచం పక్కన పెట్టుకోవటం.

అసలైన మొదటి రకం ఎలా ఉంటుందో చూడాలంటే మా తీరంలో వెతుక్కోనక్కరలేదు, ఎడమవైపు వరుసలోని రొయ్యే చాలు. రొయ్య కండరంలోని ట్రోపోమయోసిన్ అనే ప్రోటీనే ప్రధాన కారకమని 1993లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన పి.వి. సుబ్బారావు బృందం అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి ప్రకటించింది. వారు తీసుకున్నది పినేయస్ ఇండికస్, మన తూర్పుతీరపు తెల్లరొయ్య. ఆ ప్రోటీను వేడికి చెడదు. పులుసు ఎంత మరిగించినా దాని గుణం పోదు. అందుకే "బాగా ఉడికించి తినవయ్యా" అని సలహా ఇచ్చే పెద్దల మాట ఈ ఒక్క విషయంలో చెల్లదు. ఇక్కడ చర్మపరీక్షకు అర్థం ఉన్నది, ఎందుకంటే ఇక్కడ ఐజీఈ నిజంగా ఉన్నది. రొయ్యకు పనికొచ్చిన పరీక్షను పాము మందుకు తగిలించటమే పట్టిక చేసిన పాపం. రెండూ ఒకే గడిలో కనబడ్డాయి గనుక ఒకటే అనుకున్నారు.

(మధ్యలో ఒక మాట. ఎక్కించిన గంటా రెండు గంటలకు గజగజ వణుకు, జ్వరం వస్తే అది నాలుగు రకాలలో దేనికీ చెందదు. మందులో చేరిన సూక్ష్మజీవుల కల్మషం వల్ల వచ్చేది అది. పట్టికలో దానికి గడే లేదు గనుక పిల్లలకు అది ఉన్నదనే తెలియదు.)

ఇక తొమ్మిదవ రోజు. ఈ జబ్బు చరిత్ర తెలిస్తే అది మరపుకు రాదు. వియన్నాలో క్లెమెన్స్ ఫన్ పిర్కె, బేలా షిక్ అనే ఇద్దరు పిల్లల వైద్యులు ఉండేవారు. కంఠసర్పికి, అంటే డిఫ్తీరియాకు, గుర్రపు సీరం ఇచ్చిన పిల్లలకు వారం పది రోజుల తర్వాత జ్వరం, దద్దుర్లు, కీళ్ళనొప్పులు రావటం చూసి 1905లో సీరం సిక్‌నెస్ మీద గ్రంథమే రాశారు. వారిని ఆకర్షించింది దద్దుర్లు కాదు, ఆ జాప్యం. సీరం మొదటి రోజే ఒంట్లో ఉన్నది కదా, ఎనిమిదవ రోజు దాకా ఎందుకు ఊరుకున్నట్టు? అదే బిడ్డకు రెండవసారి ఇస్తే ఇంకా త్వరగా ఎందుకు వస్తున్నట్టు? అపరాధి సీరం ఒక్కటే కాదు, దానికి బదులుగా ఒళ్ళు తయారుచేసుకున్న వస్తువు కూడా అయి ఉండాలని వారు ఊహించారు. మరుసటి ఏడు పిర్కె "అలర్జీ" అనే మాటను పుట్టించాడు.

వారి ఊహ నిజమైంది. కూలీ రక్తంలో గుర్రపు ప్రోటీను నెమ్మదిగా తగ్గుతూ వస్తుంది. ఆరేడు రోజులకు ఒళ్ళు దానికి ఎదురుగా యాంటీబాడీలు తయారుచేయటం మొదలుపెడుతుంది. యాంటీబాడీలు మరీ ఎక్కువగా ఉంటే ముద్దలు పెద్దవై, కాలేయంలోని, ప్లీహంలోని భక్షక కణాలు వాటిని మింగేస్తాయి. మరీ తక్కువగా ఉంటే ముద్దలు చిన్నవై ఊరికే తేలుతుంటాయి. గుర్రపు ప్రోటీను కొంచెం ఎక్కువగా, యాంటీబాడీ కొంచెం తక్కువగా ఉండే ఆ కొద్ది రోజులలోనే నడిమి పరిమాణపు ముద్దలు తయారై, కీళ్ళ పొరలలోనూ, మూత్రపిండాల వడపోత జల్లెడలలోనూ, చర్మపు సన్నని నాళాలలోనూ చిక్కుకుంటాయి. అక్కడ కాంప్లిమెంటు రేగుతుంది, తెల్లకణాలు గుమిగూడతాయి, వాపు పుడుతుంది. ఆయన మూత్రంలో కొద్దిగా ప్రోటీను కనబడింది. అది ఆ జల్లెడ చేసిన ఫిర్యాదే.

ఇప్పుడు రెండవ రకానికీ మూడవ రకానికీ తేడా ఏమిటో మా అమ్మాయిని అడిగాను. "రెండవది సైటోటాక్సిక్, మూడవది ఇమ్యూన్ కాంప్లెక్స్" అన్నది. పేర్లు చెప్పింది, తేడా చెప్పలేదు. రెండింటిలోనూ యాంటీబాడీ ఉంది, రెండింటిలోనూ కాంప్లిమెంటు ఉంది. తేడా అంతా యాంటిజెన్ ఎక్కడున్నదనే దానిలోనే. అది కణానికి అతుక్కుని ఉంటే ఆ కణమే చస్తుంది. రక్తంలో విడిగా తేలుతుంటే, ముద్ద ఎక్కడ చిక్కుకున్నదో ఆ చోటు కాలుతుంది. ఇందుకు పెన్సిలిన్‌ను మించిన రుజువు లేదు. అది ఎర్రకణానికి అతుక్కుని రక్తహీనత తెస్తే రెండవ రకం. రక్తంలోని ప్రోటీన్లకు తగులుకుని ముద్దలు కట్టిస్తే మూడవ రకం. ఐజీఈని పిలిస్తే నిమిషాలలో ప్రాణం మీదికి తెచ్చే మొదటి రకం, టీ-కణాలను పిలిస్తే కొన్ని రోజులకు చర్మం మీద పొక్కే నాల్గవ రకం. ఒకే మందు, నాలుగు గడులు. "పెన్సిలిన్‌ను జతపరచుము" అని అడిగితే ఏమి రాస్తావమ్మా అంటే మా అమ్మాయి నవ్వి ఊరుకుంది.

ఈ నాలుగు రకాల విభజన చేసిన ఫిలిప్ జెల్, రాబిన్ కూంబ్స్‌ల మీద నాకు కోపం లేదు. 1963లో, అంతవరకు గందరగోళంగా ఉన్న అలర్జీ లోకానికి విధానాన్ని బట్టి వరుస ఏర్పరచిన మహానుభావులు వారు. వారు విభజించింది విధానాలను. మనం దానిని జబ్బుల జాబితాగా మార్చుకున్నాము. జబ్బుకు ఒక అంకె అతికించి, ఆ అంకెను కంఠస్థం చేయించి, ఇదే విద్య అంటున్నాము. అంకెలు ఎంత మోసం చేస్తాయో కుష్ఠు చికిత్సలో చూడండి. అక్కడ మందు వాడుతుండగా వచ్చే వాపులను టైపు 1 రియాక్షన్, టైపు 2 రియాక్షన్ అంటారు. ఆ టైపు 1 జెల్-కూంబ్స్ లెక్కలో నాల్గవ రకం, టీ-కణాల పని. ఆ టైపు 2ను సంప్రదాయంగా మూడవ రకంలో చేరుస్తారు. అంకెను నమ్మినవాడు రెండుచోట్లా తప్పుతాడు. విధానాన్ని నమ్మినవాడు, నరం వాచి చెయ్యి మొద్దుబారుతున్నదా, ఎర్రని గడ్డలతో జ్వరం వస్తున్నదా అని రోగిని చూసి తేల్చుకుంటాడు.

పట్టిక పక్షాన వాదించేవారు లేకపోలేదు. లక్షల మంది రాసే పరీక్షలో వ్యాసాలు ఎవరు దిద్దగలరని వారి ప్రశ్న. సరే, వ్యాసాలు వద్దు, జతపరచటమే ఉండనీయండి. కాని కుడివైపు వరుసలో విధానం పేరుకు బదులు గడియారం పెట్టండి. "విరుగుడు ఎక్కించిన పది నిమిషాలకు", "తొమ్మిదవ రోజున", "చర్మంలోకి ఎక్కించిన నలభై ఎనిమిది గంటలకు" అని రాసి, అప్పుడు ఏమి జరుగుతున్నది, ఏమి చేస్తావు అని అడగండి. అయితే గడియారం ఒక్కటే చాలదన్న సంగతీ ఆ ప్రశ్నతోనే బయటపడుతుంది. సరిపడని రక్తం రెండవ రకమే అయినా నిమిషాలలో దెబ్బ తీస్తుంది, ఎందుకంటే ఆ గ్రూపుకు ఎదురైన యాంటీబాడీలు మన ఒంట్లో ముందునుంచే సిద్ధంగా ఉంటాయి. ఆ సంగతి తెలిసినవాడికే మార్కు రావాలి. కొట్టివేతలతో జవాబు దొరకని ప్రశ్న తయారుచేయటం కష్టం. ఆ కష్టం ప్రశ్నకర్త పడకపోతే రోగి పడతాడు.

కూలీ సంగతి ముగించాలి. హిస్టమిన్‌కు విరుగుడు మాత్రలు, అయిదు రోజుల పాటు ప్రెడ్నిసొలోన్ ఇచ్చాను. మూడవ నాటికి జ్వరం దిగింది, కీళ్ళు వంగినాయి, వారం తిరిగేసరికి మూత్రంలో ప్రోటీను పోయింది. కష్టమైన పని అది కాదు. వెళ్ళబోతూ ఆయన, "అయ్యా, ఆ పాము మందు నాకు పడదని చెప్పినారు. ఈ జన్మలో మళ్ళీ వేయించుకోవద్దన్నారు" అన్నాడు. కాగితంలోనూ ఎర్ర సిరాతో అదే రాసి ఉంది.

నేను నిలువునా నీరయ్యాను. ఈ మనిషి రేపు మళ్ళీ అదే గెనిమ మీద నడవాలి. మరొక రక్తపింజరి కరిస్తే ఆ ఎర్ర సిరాను నమ్మి మంత్రగాడి దగ్గరికి పోతాడు, లేదా కాగితం చూసిన వైద్యుడే జంకుతాడు. విషం ఒంటికెక్కినట్టు లక్షణాలు ఉన్నప్పుడు, మునుపు వచ్చిన ప్రతిచర్య విరుగుడును మానటానికి కారణం కాదు. మరింత జాగ్రత్తకు మాత్రమే కారణం. ఈసారి నిజమైన ఐజీఈ కూడా తయారై ఉండవచ్చు, పిర్కె చూసినట్టు కీళ్ళ జ్వరం మరింత త్వరగా రావచ్చు. రెండింటికీ మందులున్నాయి. గడ్డకట్టని రక్తానికి విరుగుడు తప్ప వేరే మందు లేదు.

ఆ ఎర్ర సిరాను కొట్టివేసి, కింద తెలుగులోనే, పెద్ద అక్షరాలతో రాశాను: "ఇతనికి మళ్ళీ పాము కరిచి విషం ఎక్కితే విరుగుడు తప్పక ఇవ్వండి. టెస్ట్ డోసు వద్దు. అడ్రినలిన్ ముందుగా సిరంజిలో నింపి పక్కన ఉంచుకోండి. అయిదవ రోజు నుంచి రెండు వారాల లోపల జ్వరం, కీళ్ళనొప్పులు వస్తాయేమో చూసుకొమ్మని చెప్పి పంపండి." ఆయన భార్య దానిని మడిచి రేషను కార్డుతో పాటు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుంది.

మా అమ్మాయి ఇదంతా విని, పుస్తకంలో ఆ ప్రశ్న పక్కన పెన్సిలుతో "9వ రోజు?" అని రాసుకున్నది. తర్వాత పేజీ తిప్పింది. అక్కడ మరొక జతపరచుము ఉన్నది.